ఒక్కరి సంపాదన మీద నడిచే ఇల్లు: కోనసీమలో అత్యవసర నిధి ఎంత, ఎక్కడ

ఆదాయం ఆగిపోయినప్పుడు గాని, తప్పించుకోలేని ఖర్చు హఠాత్తుగా మీద పడినప్పుడు గాని అప్పు చేయకుండా ఇల్లు గడవడానికి విడిగా ఉంచుకునే డబ్బును అత్యవసర నిధి అంటారు. పిల్ల పెళ్లికి, ఇంటి స్థలానికి, పండగ బట్టలకు కూడబెట్టేది దీని కిందికి రాదు. ఎందుకంటే ఆ ఖర్చులు ఎప్పుడు వస్తాయో ముందే తెలుసు. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి జీతం ఆగితే రెండో జీతంతో బియ్యం, అద్దె వెళ్లిపోతాయి. ఒక్కరే సంపాదించే ఇంట్లో అలాంటి మధ్యస్థితి లేదు. ఆదాయం ఉంటే మొత్తం ఉంటుంది, పోతే సున్నా.

వ్యక్తిగత ఆర్థిక పుస్తకాల్లో తరచూ కనిపించే సూత్రం ఒకటుంది: మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు చేతిలో ఉండాలి. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగినీ, పోయిన ఉద్యోగం మళ్లీ అదే ఊళ్లో దొరికే నగరాన్నీ మనసులో ఉంచుకుని చెప్పిన లెక్క అది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో సంపాదన తీరు వేరు. కొబ్బరి, వరి, రొయ్యల చెరువులు, దుకాణాలు, ప్రైవేటు బడులు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఇక్కడి బతుకుతెరువులు. మూడు వైపుల గోదావరి పాయలు, నాలుగో వైపు సముద్రం ఉన్న ఈ నేలలో ఒకే ఆపద ఊరందరి ఆదాయాన్నీ ఒకేసారి ఆపగలదు. కాబట్టి నిధి ఎంత అన్న ప్రశ్నకు ఇక్కడ మరో ప్రశ్న తోడవుతుంది. ఆదాయాన్ని ముంచిన వరదలోనే నిధి కూడా మునగకుండా ఉండాలంటే దాన్ని ఎక్కడ పెట్టాలి?

ఆదాయం ఎంతకాలం ఆగుతుంది

నిధి పరిమాణం తేల్చడానికి జీతం కంటే ముందు చూడాల్సింది ఆదాయం ఆగే కాలం. దానికి కోనసీమ చరిత్రలోనే కొలతలు దొరుకుతాయి.

2022 జూలై వరదల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 17.75 లక్షల దగ్గరే ఎగరేస్తారు. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, జనం పడవల మీద తిరిగారు. కూలి పని, చిల్లర వ్యాపారం, పాల అమ్మకం ఆగిపోయాయి. ముంపు బాధిత కుటుంబానికి ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన తక్షణ సాయం రెండు వేల రూపాయలు, దానితో పాటు బియ్యం, సరుకులు. కూలి మీద బతికే ఇంటికి ఇలాంటి వరద రెండు మూడు వారాల లోటు.

పాశర్లపూడి ఉదంతం అంతకంటే పొడవైనది. 1995 జనవరి 8న అక్కడి ఓఎన్‌జీసీ బావి నుంచి గ్యాస్ ఎగజిమ్మి అంటుకున్న మంట 65 రోజుల పాటు ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్లవారు ఇళ్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఇల్లు, పొలం ఎక్కడివక్కడే ఉన్నా వాటి మీద బతకడం కుదరని రెండు నెలలవి.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి పెరిగింది, గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలవలు బాగుపడక చేలు మునుగుతున్నాయన్నది వారి గోడు. దేశమంతా చర్చకు వచ్చిన ఆ నిరసనపై రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. విరామం ప్రకటించింది రైతులే అయినా ఊడ్పులకూ కోతలకూ వెళ్లే కూలీకి దాని అర్థం ఒక పంటకాలం, అంటే సుమారు ఆరు నెలలు, పని లేకపోవడం.

అన్నింటికంటే పొడవైనది తుపాను మిగిల్చిన ఖాళీ. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. వరి పోతే మళ్లీ సీజనుకు వరి వస్తుంది. నాటు రకం కొబ్బరి మొక్క పెట్టిన చోట కాయ చూడాలంటే ఆరేడేళ్లు పడుతుంది. రెండు నెలలకోసారి దింపు తీసి ఇల్లు నడిపే రైతుకు అన్నేళ్ల దింపులు పోయినట్టే.

ఈ నాలుగు ఉదాహరణలు నిధికి ఉన్న శక్తినీ హద్దునూ చూపిస్తాయి. వారాల లోటును ఏ కుటుంబమైనా నగదుతో దాటగలదు. నెలల లోటుకు పద్ధతి ప్రకారం పోగేసిన నిధి కావాలి. ఏళ్ల లోటును ఏ నిధీ పూడ్చలేదు. దానికి బీమా, అంతర పంటలు, మరో ఆదాయ వనరు లాంటి వేరే సాధనాలు కావాలి. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్లకు బీమా పథకం నడపడానికి కారణం ఇదే. ఆ బీమా సొమ్ము కొత్త మొక్క కాపుకొచ్చే దాకా ఇల్లంతటినీ పోషించేటంత పెద్దది మాత్రం కాదు.

నెల ఖర్చు తేల్చే పద్ధతి: అమలాపురం ఉదాహరణ

నిధిని జీతంతో కాక ఖర్చుతో కొలవాలి. అది కూడా మామూలు రోజుల ఖర్చుతో కాదు, ఉద్యోగం పోయిన నెలలో కూడా తప్పని ఖర్చుతో. ఈ తేడా అర్థం కావడానికి ఒక ఊహా కుటుంబాన్ని తీసుకోవచ్చు. అమలాపురంలో ప్రైవేటు సంస్థలో పనిచేసే నలభై ఏళ్ల గుమాస్తా, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. జీతం నెలకు 35,000 రూపాయలు. ఇంకెవరికీ సంపాదన లేదు.

ఈ ఇంట్లో అద్దె 6,000. బియ్యం, సరుకులు, పాలు, కూరలు కలిపి 8,500. కరెంటు, గ్యాస్, ఫోన్లు 2,200. పిల్లల బడి ఫీజు ఏడాదికి 36,000 కాబట్టి నెలకు 3,000. తల్లి బీపీ, షుగరు మందులు 1,800. మోటారు సైకిల్ వాయిదా 2,700. పెట్రోలు 1,800. చీటీ 5,000. బట్టలు, సినిమాలు, పెళ్లిళ్లలో చదివింపులు కలిపి సగటున 3,000. మొత్తం 34,000. నెలాఖరుకు మిగిలేది వెయ్యి.

ఉద్యోగం పోతే బట్టలు, సినిమాలు, చదివింపులు ఆగుతాయి. పెట్రోలు 800కు దిగుతుంది. అద్దె, తిండి, మందులు, బడి ఫీజు, బండి వాయిదా మాత్రం ఆగవు. ఇవన్నీ కూడితే 25,000.

ఇక చీటీ దగ్గర ఆగి ఆలోచించాలి. చీటీ ఇంకా పాడకపోతే కట్టడం ఆపేసినా పోయేది తన డబ్బులో కొంత కోత, ఆలస్యం. ఇప్పటికే పాడుకుని డబ్బు వాడుకున్నవాడికి అది చీటీ కాదు, అప్పు. జామీను ఉన్నవాళ్ల ఇంటికి కూడా నోటీసు వెళ్తుంది. ఈ గుమాస్తా ఇంటి రిపేరు కోసం చీటీ పాడుకున్నాడని, ఇంకా పది వాయిదాలు ఉన్నాయని అనుకుందాం. అప్పుడు తప్పని ఖర్చు 30,000. చీటీ తీరగానే అది 25,000కు దిగుతుంది. అప్పు ఒకటి తీరిన ప్రతిసారీ కావలసిన నిధి కూడా ఆ మేరకు తగ్గుతుందన్నమాట. వడ్డీ ఎక్కువున్న చిన్న అప్పు నెత్తిన పెట్టుకుని పెద్ద నిధి పోగేయడంలో అర్థం లేదని నిపుణులు చెప్పేది ఈ లెక్కతోనే.

ఎన్ని నెలలు

నెలల సంఖ్యను ఆరు అని గుడ్డిగా రాసుకోనక్కర్లేదు, ముక్కలుగా కూడుకోవచ్చు. అమలాపురంలో అదే జీతానికి అదే పని వెంటనే దొరకడం కష్టం. కాకినాడ, రాజమహేంద్రవరం, లేదా హైదరాబాద్ చూసుకోవాలి. వెతుకులాటకు మూడు నెలలు అనుకోవచ్చు. నెల మధ్యలో చేరితే మొదటి పూర్తి జీతం చేతికి రావడానికి మరో నెలన్నర. ఊరు మారితే కొత్త ఇంటికి అడ్వాన్సు, సామాను తరలింపు కలిపి దాదాపు ఒక నెల ఖర్చు. కూడితే అయిదున్నర, గుండ్రంగా ఆరు. చీటీ ఉన్నప్పుడు ఆరు నెలలకు 1,80,000. చీటీ తీరాక 1,50,000.

దీనికి వైద్యం కోసం ఒక విడి మొత్తం కలపాలి. రేషన్ కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ లేదా సొంత ఆరోగ్య బీమా ఉన్న ఇంట్లో ఆపరేషన్ ఖర్చు మొత్తం నిధి మీద పడదు. అయినా పథకం కిందికి రాని పరీక్షలు, బయట కొనే మందులు, అమలాపురం నుంచి కాకినాడకో రాజమహేంద్రవరానికో అంబులెన్సు, తోడున్నవారి తిండి, బస అన్నీ నగదు ఖర్చులే. 30,000 పక్కన పెడితే ఇవి దాటిపోతాయి. ఏ బీమా లేని ఇంట్లో మాత్రం ఈ అంకెకు అర్థం లేదు. గుండె చికిత్స ఒక్కటే నిధినంతా తినేస్తుంది. అలాంటి ఇంటివారు ముందు బీమా ప్రీమియం కట్టి, ఆ తర్వాతే నిధి మొదలుపెట్టాలి. అలా ఈ గుమాస్తా లక్ష్యం ఇవాళ 2,10,000, చీటీ తీరాక 1,80,000.

నెలకు వెయ్యి మిగిలే ఇంట్లో ఇది ఎలా కూడుతుంది? ఖర్చుల్లో రెండు వేలు తగ్గించి నెలకు 3,000 పక్కన పెడితే చీటీ తీరే పది నెలల్లో 30,000 అవుతాయి. పదకొండో నెల నుంచి చీటీ కట్టిన 5,000 కూడా ఇటే మళ్లిస్తే నెలకు 8,000. మిగిలిన 1,50,000కు 19 నెలలు. మొత్తం 29 నెలలు, సుమారు రెండున్నరేళ్లు. ఈలోగా ఆపద వస్తే ఉన్నంతవరకే అక్కరకొస్తుంది. అయితే మొదటి 30,000 చేరగానే ఫలితం కనిపించడం మొదలవుతుంది. ఇళ్లలో అప్పులు పుట్టించేవి ఎక్కువగా చిన్న దెబ్బలే కాబట్టి. అమెరికాలో ఫెడరల్ రిజర్వ్ ఏటా జరిపే సర్వేలో 400 డాలర్ల అనుకోని ఖర్చు వస్తే ఎలా కడతారని అడుగుతారు. 2023లో నగదుతో గాని, నెలాఖరుకు పూర్తిగా తీర్చేసే క్రెడిట్ కార్డుతో గాని కట్టగలమన్నవారు 63 శాతమే.

ఇతర ఇళ్లకు నెలల లెక్క మారుతుంది. ప్రభుత్వ ఉద్యోగికి జీతం ఆగే ప్రమాదం తక్కువ కాబట్టి మూడు నెలలు చాలు. కొత్తపేట వైపు కొబ్బరి మీదే బతికే రైతుకు, ధర పడిపోయిన కాలాన్ని కూడా కలుపుకుని, ఏడాది ఖర్చు ఉండాలి. అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఏడాదికీ ఏడాదికీ మధ్య ఎంత మారుతుందో అక్కడివారికి చెప్పనక్కర్లేదు. రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నవారికి తెగులు ఒక ముప్పు, ధర రెండో ముప్పు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఇక్కడి చెరువు గట్ల దాకా వచ్చింది. అలాంటివారు ఇంటి నిధిని చెరువు పెట్టుబడితో కలపకుండా రెండు పంటకాలాల ఇంటి ఖర్చు విడిగా ఉంచుకోవాలి.

గల్ఫ్ సంపాదన ఉన్న ఇల్లు

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల్లో కువైట్, ఖతర్, దుబాయ్ నుంచి వచ్చే డబ్బు మీద నడిచే ఇళ్లు చాలా ఉన్నాయి. డ్రైవర్లుగా వెళ్లిన మగవాళ్లు, ఇంటి పనికి వెళ్లిన ఆడవాళ్లు ఆ కుటుంబాలకు ఏకైక ఆధారం. అక్కడ ఉద్యోగం పోతే జీతంతో పాటు వీసా, వసతి కూడా పోతాయి. తిరుగు టికెట్, మళ్లీ వెళ్లడానికయ్యే ఖర్చు, మధ్యలో ఖాళీ నెలలు కలిపితే తొమ్మిది నెలల ఇంటి ఖర్చు కనీస అంచనా. 2020లో కరోనా వల్ల విమానాలు ఆగిపోయినప్పుడు వెనక్కి రాలేనివాళ్లూ, వచ్చాక తిరిగి వెళ్లలేనివాళ్లూ ఇక్కడ కనిపించారు.

ఆ నిధి ఎక్కడ ఉండకూడదో 1990 చూపించింది. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. అక్కడి బ్యాంకుల్లో దాచుకున్న డబ్బు, రావలసిన జీతాలు చాలామందికి అక్కడే చిక్కుకున్నాయి. ఐక్యరాజ్య సమితి పరిహార సంఘం చెల్లింపులు మొదలయ్యేసరికి ఏళ్లు గడిచాయి. జీతం ఇచ్చే దేశంలోనే నిధి కూడా ఉంటే రెండింటినీ ఒకే దెబ్బ తీస్తుంది.

డబ్బు భారతదేశానికి వచ్చాక కూడా ఒక చిక్కు ఉంది. ప్రవాసులు తెరిచే ఎన్ఆర్ఈ ఖాతాలో ఇక్కడ ఉండే భార్యను చేర్చినా, ఆయన బతికుండగా ఆమె ఉమ్మడి ఖాతాదారుగా డబ్బు తీయలేదు. ఆ ఖాతా మొదటి వ్యక్తిది, ఆయన తర్వాతే రెండో వ్యక్తిది. ఆయన రాసిచ్చిన అధికార పత్రం ఉంటేనే స్థానిక ఖర్చులకు తీయవచ్చు. కాబట్టి ఇంటి నిధిని ఆమె పేరు మీదున్న మామూలు సేవింగ్స్ ఖాతాకు మార్చి ఉంచడం తేలిక మార్గం.

డబ్బు ఉంచే మూడు అరలు

నిధి మొత్తాన్ని ఒకేచోట ఉంచరు. ఎంత త్వరగా కావాలో చూసి అరలుగా పంచుతారు.

మొదటి అర ఇంట్లో నగదు. ఫోన్‌తో చెల్లించే రోజుల్లో ఇది పాతకాలపు సలహాలా అనిపించవచ్చు గాని, 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై జరిగిన అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ వారానికి పైగా నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం జిల్లా సరిహద్దులు దాటారు. కూరగాయల బండి నుంచి మందుల షాపు దాకా ఫోన్ చెల్లింపులు మొరాయించాయి. వరదల్లో, తుపానుల్లో కరెంటు పోయినా జరిగేది ఇదే. వారం పది రోజుల తిండి, మందులు, ప్రయాణాలకు సరిపడేంత, గుమాస్తా ఇంట్లో అయితే 10,000, వంద, రెండొందలు, అయిదొందల నోట్లలో ఉండాలి. లంక గ్రామమైతే ప్లాస్టిక్ కవరులో, ఎత్తున. అంతకు మించి ఇంట్లో ఉంచితే దొంగ భయం ఒకటి, చేతికందే డబ్బు ఖర్చైపోవడం రెండోది.

రెండో అర సేవింగ్స్ ఖాతా. ఒకటిన్నర, రెండు నెలల ఖర్చు, అంటే దాదాపు 50,000 ఇక్కడ ఉండాలి. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ వడ్డీ 2025 జూన్ నుంచి 2.5 శాతం. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో 4 శాతం. ఫిక్సెడ్ డిపాజిట్‌లో 6 శాతం వస్తుందనుకున్నా, 50,000ను సేవింగ్స్‌లో ఉంచడం వల్ల ఏడాదికి పోయేది 1,750 రూపాయలు. రాత్రి రెండు గంటలకు ఏటీఎంకు వెళ్లి డబ్బు తెచ్చుకోగలిగే వీలుకు కట్టే రుసుము అది. ఈ ఖాతా జీతం పడే ఖాతా కాకూడదు, జీతం వచ్చే బ్యాంకు కూడా కాకపోతే మరీ మంచిది. వాయిదాలు దానంతట అవే కోసుకుపోయే ఖాతాలో నిధి నిలవదు.

మూడో అరలో మిగతా నెలల ఖర్చు ఫిక్సెడ్ డిపాజిట్లుగా ఉంటుంది. 1,50,000ను ఒకే డిపాజిట్ చేస్తే 20,000 కావలసి వచ్చినా మొత్తం విరగ్గొట్టాలి. 30,000 చొప్పున అయిదుగా చేస్తే ఒక్కటే విరుగుతుంది, మిగతా నాలుగింటి వడ్డీ చెదరదు. ముందుగా తీస్తే బ్యాంకులు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వరకు వడ్డీ తగ్గిస్తాయి, అసలుకు నష్టం లేదు. పోస్టాఫీసు టైం డిపాజిట్‌ను మాత్రం ఆరు నెలలలోపు తీయనివ్వరు. కొత్తగా వేసిన టైం డిపాజిట్ అందుకే ఈ అరకు పనికిరాదు. అయిదేళ్ల జాతీయ పొదుపు పత్రం, పదిహేనేళ్ల పీపీఎఫ్ సంగతి చెప్పనక్కర్లేదు.

మ్యూచువల్ ఫండ్ల అలవాటున్నవారు మూడో అరలో కొంత లిక్విడ్ ఫండ్‌లో పెడతారు. అమ్మిన మరుసటి పనిదినాన డబ్బు వస్తుంది. వెంటనే కావాలంటే రోజుకు ఒక పథకం నుంచి 50,000 లేదా పెట్టుబడిలో 90 శాతం, ఏది తక్కువైతే అంత తీయవచ్చు, ఆ సౌకర్యం ఆ ఫండ్ ఇస్తుంటే. వడ్డీ ఇంకొంచెం ఎక్కువని రకరకాల రుణపత్రాల ఫండ్లకు జరిగితే నిధి స్వభావమే మారుతుంది. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు రుణ పథకాలను ఒక్కసారిగా మూసేసింది. కరోనా లాక్‌డౌన్ నడుస్తున్న ఆ రోజుల్లోనే చాలామందికి డబ్బు అవసరమైంది. ఇన్వెస్టర్లకు సొమ్ము తర్వాత విడతలు విడతలుగా అందింది.

సంపాదించే మనిషికే ఆపద వస్తే

ఒంటి సంపాదన ఇళ్లలో నిధి ఉండి కూడా అందకపోయే సందర్భం ఇది. ప్రమాదం జరిగి గుమాస్తా ఐసీయూలో ఉన్నాడు. ఖాతా ఆయన ఒక్కడి పేరు మీద ఉంది, ఏటీఎం పిన్ ఆయనకే తెలుసు, ఫోన్ తాళం ఆయన వేలిముద్రతో తెరుచుకుంటుంది. భార్య నామినీ. నామినీ హక్కు ఖాతాదారు చనిపోయాకే మొదలవుతుంది, బతికున్న మనిషి ఖాతాలో నామినీ ఒక్క రూపాయి తీయలేరు.

ఉమ్మడి ఖాతాలో ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు నడపవచ్చు అనే షరతు రాయించుకుంటే ఈ చిక్కు తీరుతుంది. భార్య పేరు మీద వేరే ఏటీఎం కార్డు తీసుకోవాలి. ఫిక్సెడ్ డిపాజిట్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ షరతు గడువు తీరాక తీసుకోవడానికే వర్తిస్తుంది. గడువుకు ముందే విరగ్గొట్టాలంటే బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగవచ్చు. ఒక్కరి సంతకంతోనే ముందుగా తీసుకోవచ్చని ఇద్దరూ కలిసి డిపాజిట్ వేసేటప్పుడే రాసివ్వాలి. దరఖాస్తులో ఇది ఒక చిన్న గడి, చాలామంది ఖాళీగా వదిలేస్తారు.

నిధి అనిపించుకునేవి, కానివి

కోనసీమలో మిగులు డబ్బు ఎక్కువగా వెళ్లే దారి ప్రామిసరీ నోటు మీద వడ్డీకి ఇవ్వడం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు ఆరు శాతం ముందు అది ఊరించే అంకే. అప్పు తీసుకున్నవాడు ఎవరు? అదే ఊరి కౌలు రైతు, అదే వీధి వ్యాపారి. వరద వచ్చి ఇచ్చినవాడి ఇంట్లో ఆదాయం ఆగిన వారంలోనే పుచ్చుకున్నవాడి ఆదాయమూ ఆగుతుంది. డబ్బు ఎప్పుడు కావాలో అప్పుడే నోటు వసూలు కాదు. రాజోలు ఇంటి నిధి రాజోలు నోట్లలో ఉండకూడదనడానికి కారణం వడ్డీ న్యాయాన్యాయాలు కాదు, రెండు ఇళ్లనూ ఒకే నీరు ముంచడం.

వ్యవసాయ సహకార సంఘంలో, అంటే ఊరి సొసైటీలో వేసే డిపాజిట్‌ను చాలామంది బ్యాంకు డిపాజిట్‌తో సమానంగా చూస్తారు. డిపాజిట్ బీమా సంస్థ రక్షణ బ్యాంకులకూ సహకార బ్యాంకులకూ ఉంది, ప్రాథమిక సంఘాలకు లేదు. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఆ రక్షణ ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి అయిదు లక్షల దాకా. బ్యాంకుపై రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెడితే బీమా సొమ్ము 90 రోజుల్లో అందేలా 2021లో చట్టం మార్చారు. ఆ 90 రోజులు గడవడానికైనా రెండో, మూడో అరలు రెండు వేర్వేరు బ్యాంకుల్లో ఉండాలి.

ఈ రక్షణ లేని చోట ఏమవుతుందో గోదావరి జిల్లాల వారికి తెలుసు. కాకినాడ కేంద్రంగా నడిచిన జయలక్ష్మి పరస్పర సహాయ సహకార సంఘం 2022లో డిపాజిట్లు తిరిగి ఇవ్వలేక చేతులెత్తేసింది. విశ్రాంత ఉద్యోగులు సహా వేలమంది డబ్బు ఇరుక్కుంది, కేసు సీఐడీకి వెళ్లింది. అంతకుముందు అగ్రిగోల్డ్ కూలినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పదివేల రూపాయల లోపు వారికి 2019లో, ఇరవై వేల లోపు వారికి 2021లో ఖజానా నుంచి చెల్లించింది. అంతకు మించి దాచుకున్నవారి ఎదురుచూపు తీరలేదు.

పాడని చీటీ పొదుపే గాని నిధి కాదు. పాట నెలకోసారే జరుగుతుంది. ఆత్రంలో ఉన్నవాడు ఎక్కువ తగ్గించి పాడి నష్టపోతాడు. పాడాక కూడా జామీను పత్రాలు చూసి డబ్బు ఇవ్వడానికి రోజులు పడుతుంది.

బంగారం వీటిలో మెరుగు. తాకట్టు పెడితే అదే రోజు డబ్బు వస్తుంది, దాని ధర గోదావరి నీటిమట్టం మీద ఆధారపడదు. అయినా అది అప్పే. వడ్డీ కట్టాలి, గడువులోపు విడిపించకపోతే వేలం వేస్తారు. ఆదాయం ఆగి ఉన్న మనిషికి ఆ గడువు త్వరగానే దగ్గరపడుతుంది. అందువల్ల బంగారాన్ని నిధి లెక్కలో కలపకుండా, నిధి అయిపోయాక వాడే రెండో రక్షణగా ఉంచుతారు. ఇంట్లో నగలుంటే ఆరు నెలల నిధిని నాలుగుకు తగ్గించుకోవచ్చా అన్న చోట సలహాదారుల్లో ఏకాభిప్రాయం లేదు. తగ్గించుకుంటే నగలు భార్యవే కాబట్టి ఆ నిర్ణయమూ ఆమెదే కావాలి.

లెక్క మళ్లీ చూసుకునే సందర్భాలు

ఒకసారి వేసిన అంకె ఎక్కువ కాలం నిలవదు. ధరలు ఏడాదికి అయిదు శాతం పెరిగితే ఇవాళ్టి 25,000 ఖర్చు మూడేళ్లలో 29,000 దాకా వెళ్తుంది. 1,50,000కు ఆరు నెలలు వచ్చేది అప్పుడు అయిదు నెలల చిల్లరకే వస్తుంది. డిపాజిట్ల మీద వచ్చే వడ్డీని తీసి ఖర్చు పెట్టకుండా అసలులో కలిపితే ఈ తరుగు చాలావరకు పూడుతుంది. పిల్లవాడు కాలేజీలో చేరినప్పుడు, కొత్త వాయిదా మొదలైనప్పుడు, భార్య ఉద్యోగంలో చేరినప్పుడు లెక్క మొదటి నుంచి వేయాలి. చివరిదానిలో నిధి తగ్గించుకోవచ్చు.

నిధిలోంచి తీసి వాడాక దాన్ని తిరిగి నింపే క్రమం మొదటి అర నుంచి మొదలవుతుంది: ముందు ఇంట్లో నగదు, తర్వాత సేవింగ్స్ ఖాతా, చివరికి డిపాజిట్లు. గుమాస్తా కుటుంబం వరద వారంలో 8,000 నగదు వాడిందనుకుంటే, వచ్చే జీతంలో మొదట పక్కకు తీయాల్సింది ఆ 8,000 నోట్లే. ఆ నెల డిపాజిట్ వాయిదా వేసినా పరవాలేదు.